కంటికి ఒకటే, ఎక్సెల్‌కు రెండు: పేర్లను సరిపోల్చే ముందు TRIM, CLEAN చేసేదేమిటి, చేయనిదేమిటి

తెలంగాణలోని 33 జిల్లాల పేర్లున్న రెండు పట్టికలు మన ముందున్నాయనుకుందాం. మొదటిది మనమే టైపు చేసుకున్న షీట్. ఏ జిల్లాకు ఎన్ని పుస్తకాలు పంపాలో అందులో ఉంది. రెండోది ఒక వెబ్ పేజీ నుంచి కాపీ చేసి Sheet2లో పేస్ట్ చేసిన పట్టిక. ఏ జిల్లాలో ఎన్ని గ్రంథాలయాలున్నాయో అందులో ఉంది. జిల్లా పేరు ఆధారంగా రెండో పట్టికలోని సంఖ్యను మొదటి షీట్‌లోకి తెచ్చుకోవాలి. VLOOKUP రాసి కిందికి లాగితే కొన్ని జిల్లాలకు సంఖ్య వస్తుంది, మరికొన్నింటికి #N/A వస్తుంది. ఖమ్మం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, ఎన్నిసార్లు చూసినా అక్షరం తేడా కనబడదు. అయినా ఎక్సెల్ మాత్రం ఆ పేరు లేదనే చెబుతుంది.

ఈ దశలో చాలామంది ఫార్ములా చుట్టూ IFERROR తొడిగి, #N/A ఉన్న చోట సున్నా వచ్చేలా చేస్తారు. ఇంతకన్నా ప్రమాదకరమైన పని మరొకటి లేదని నా అభిప్రాయం. #N/A ఉన్నంతవరకు ఏదో లోపం ఉందన్న సంగతి కంటికి తెలుస్తుంది, మొత్తం కూడినప్పుడు మొత్తం కూడా #N/A అయి మనల్ని ఆపుతుంది. దాని స్థానంలో సున్నా పెడితే ఆ జిల్లాలో గ్రంథాలయాలే లేవని పట్టిక చెబుతుంది, మొత్తం తగ్గిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి లోపం ఎక్కడుందో తేలేవరకు #N/Aను అలాగే ఉంచాలి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి తొలి సాధనం LEN. సెల్‌లో ఎన్ని అక్షరసంకేతాలున్నాయో అది లెక్కపెడుతుంది. అయితే తెలుగు విషయంలో ఆ లెక్క మనం పలికే అక్షరాల లెక్కతో కలవదని ముందే గుర్తుంచుకోవాలి. ఖమ్మం అన్న మాటను మనం మూడు అక్షరాలుగా చూస్తాం. యూనికోడ్‌లో అది ఖ, మ, పొల్లు, మ, సున్న అని ఐదు సంకేతాలు. వనపర్తి మనకు నాలుగు అక్షరాలు, LENకు ఏడు. అందుచేత వేళ్ల మీద లెక్కపెట్టి LEN ఫలితంతో పోల్చకూడదు. అదే పేరును ఒక ఖాళీ సెల్‌లో స్వయంగా టైపు చేసి, దాని LENతో పోల్చాలి. మనం టైపు చేసిన ఖమ్మానికి 5 వచ్చి, వెబ్ నుంచి వచ్చిన ఖమ్మానికి 7 వస్తే, అదనంగా రెండు సంకేతాలు ఆ సెల్‌లో దాగి ఉన్నాయన్నమాట.

అవి ఏమిటో తేలాలంటే ఒక్కొక్క సంకేతపు సంఖ్యను బయటికి తీయాలి. ఎక్సెల్ 2021లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఈ ఒక్క ఫార్ములా చాలు. సెల్‌లోని ప్రతి సంకేతం సంఖ్యను అది వరుసగా కిందికి పరుస్తుంది.

```
=UNICODE(MID(Sheet2!A5,SEQUENCE(LEN(Sheet2!A5)),1))
```

పాత ఎక్సెల్ ఉన్నవారు పై వరుసలో 1, 2, 3 అని అంకెలు వేసుకొని, SEQUENCE బదులు ఆ అంకెనే MIDకు ఇవ్వవచ్చు. UNICODE ఫంక్షన్ ఎక్సెల్ 2013 నుంచి ఉంది. దాని బదులు పాత CODE ఫంక్షన్‌ను వాడితే తెలుగులో పని జరగదు. CODE విండోస్ వారి పాత అక్షరపట్టికను చూసి సంఖ్య చెబుతుంది. ఆ పట్టికలో తెలుగు లేదు కాబట్టి, సాధారణంగా ప్రతి తెలుగు అక్షరానికీ ప్రశ్నార్థకపు సంఖ్య అయిన 63నే తిరిగి ఇస్తుంది. ఆంగ్ల సమాచారం గురించి రాసిన సలహాలను తెలుగు పట్టికల మీద యథాతథంగా అమలు చేసేవారు మొదట తడబడేది ఇక్కడే.

మన ఖమ్మం సెల్‌కు ఆ ఫార్ములా 3094, 3118, 3149, 3118, 3074, 160, 32 అని ఏడు సంఖ్యలిచ్చిందనుకుందాం. వీటిని చదవడానికి పట్టికలేవీ కంఠస్థం చేయనక్కరలేదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థలం 3072 నుంచి 3199 వరకు. ఆ పరిధిలో ఉన్నదంతా తెలుగు. 32 అంటే మనం స్పేస్ బార్ నొక్కితే వచ్చే మామూలు ఖాళీ. ఈ రెండింటికీ చెందని సంఖ్య తెలుగు పేరులో కనిపిస్తే దాన్ని అనుమానించాలి. ఇక్కడ అలాంటిది 160.

ఇప్పుడు ఈ సెల్ మీద TRIMను నడిపితే ఏమవుతుందో చూద్దాం. TRIM మూడు పనులు చేస్తుంది: మొదట్లో ఉన్న ఖాళీలను తీసేస్తుంది, చివర ఉన్న ఖాళీలను తీసేస్తుంది, మాటల మధ్య ఒకటికి మించిన ఖాళీలుంటే ఒక్కటి మాత్రం మిగులుస్తుంది. మొదటి రెండూ చాలామందికి తెలుసు, మూడోదాన్ని తరచూ మరిచిపోతారు. భద్రాద్రి, కొత్తగూడెం అన్న మాటల మధ్య ఎవరైనా పొరపాటున రెండు ఖాళీలు కొట్టి ఉంటే TRIM దాన్ని కూడా చక్కదిద్దుతుంది. కానీ ఖాళీ అంటే TRIMకు 32 అన్న సంఖ్య ఒక్కటే. కాబట్టి ఖమ్మం చివర ఉన్న 32ను తీసేసి, LENను 7 నుంచి 6కు తగ్గించి, 160 దగ్గర ఆగిపోతుంది. TRIM వాడినా సరిపోలడం లేదని వాపోయే సందర్భాల్లో ఎక్కువ భాగం వెనుక ఈ 160 ఉంటుంది.

160 ఎక్కడినుంచి వచ్చింది? వెబ్ పేజీలు రాసే HTMLలో దాన్ని   అని రాస్తారు. రెండు మాటలు పంక్తి చివర విడిపోకుండా కలిపి ఉంచడానికి ఉద్దేశించిన ఖాళీ అది. పట్టికల్లో ఖాళీ గడులను నింపడానికి, అక్షరాలకూ గీతకూ మధ్య కొంత చోటు వదలడానికి కూడా దాన్ని విరివిగా వాడుతుంటారు. పేజీ మీద అది మామూలు ఖాళీలాగే కనిపిస్తుంది, కాపీ చేస్తే తన సంఖ్యతో సహా ఎక్సెల్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

CLEAN దీన్ని తీస్తుందేమోనన్న ఆశ కూడా వృథానే. CLEAN తీసేది 0 నుంచి 31 వరకు సంఖ్యలున్న సంకేతాలను మాత్రమే. కంప్యూటర్లు తొలినాళ్లలో వాడిన ఏడు బిట్ల ఆస్కీ పట్టికలో అచ్చుకు రాని ఆదేశ సంకేతాలు అవి. నేటికీ మనకు ఎదురయ్యేవి వాటిలో మూడే: ట్యాబ్‌కు 9, కొత్త పంక్తికి 10, పంక్తి మొదటికి తిరిగి రావడానికి 13. 160ని గానీ, ఆ తర్వాత యూనికోడ్‌లో చేరిన కనిపించని సంకేతాలను గానీ CLEAN ముట్టుకోదు.

CLEAN విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఇది TRIM లోపం కన్నా నష్టకరమైనది, ఎందుకంటే TRIM చెత్తను మిగులుస్తుంది గానీ, CLEAN ఉన్న పేరునే చెడగొట్టగలదు. జోగులాంబ గద్వాల అన్న రెండు మాటల పేరు వెబ్ పట్టికలోని సన్నని కాలమ్‌లో ఇమడక, జోగులాంబ పై పంక్తిలోనూ గద్వాల కింది పంక్తిలోనూ ఉండేలా రాశారనుకుందాం. ఎక్సెల్‌లోకి వచ్చేసరికి ఆ రెండు మాటల మధ్య ఖాళీ బదులు 10 అన్న సంకేతం ఉండవచ్చు. CLEAN దాన్ని తీసేస్తుంది, దాని స్థానంలో ఏమీ పెట్టదు. ఫలితంగా జోగులాంబగద్వాల అని ఒకే మాట తయారవుతుంది. మన షీట్‌లోని పేరుకు LEN 15 అయితే, శుభ్రం చేసిన పేరుకు 14. చెత్త పోయింది, పేరు మాత్రం ఇప్పటికీ సరిపోలదు. రాజన్న సిరిసిల్ల, యాదాద్రి భువనగిరి లాంటి పేర్లన్నింటికీ ఈ ముప్పు ఉంది. చిరునామాల కాలమ్ అయితే దాదాపు ప్రతి వరుసలోనూ ఇదే జరుగుతుంది.

కాబట్టి CLEANకు అప్పగించే ముందే 10, 13, 160 సంకేతాలను మామూలు ఖాళీగా మార్చుకోవాలి. ఆ పని SUBSTITUTEది. మన షీట్‌లోనూ Sheet2లోనూ C కాలమ్‌లో ఈ ఫార్ములా పెడదాం.

```
=TRIM(CLEAN(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(A2,
 UNICHAR(160)," "),CHAR(10)," "),CHAR(13)," ")))
```

ఇది లోపలి నుంచి బయటికి నడుస్తుంది: మొదట అపరిచిత ఖాళీలన్నీ 32గా మారతాయి, ఆ తర్వాత మిగిలిన ఆదేశ సంకేతాలను CLEAN తీస్తుంది, చిట్టచివర TRIM వచ్చి అదనపు ఖాళీలను ఎత్తేస్తుంది. ఈ వరుసను మార్చకూడదు. TRIMను ముందుగా నడిపి ఆ తర్వాత 160ని ఖాళీగా మారిస్తే, అలా కొత్తగా పుట్టిన ఖాళీలను తీసేవారెవరూ ఉండరు. అలాగే ఒక ఖాళీ, దాని తర్వాత 13 ఉన్న సెల్‌లో TRIMకు చివర కనిపించేది 13 కాబట్టి ఖాళీ జోలికి పోదు. ఆ తర్వాత CLEAN 13ను తీసేస్తే ఖాళీ బయటపడి అలాగే మిగిలిపోతుంది. TRIM ఎప్పుడూ అన్నింటికన్నా బయట, అంటే అన్నింటికన్నా చివర ఉండాలన్న నియమానికి కారణం ఇదే. CHAR(160) బదులు UNICHAR(160) రాయడం మంచిది, ఎందుకంటే CHAR ఇచ్చే అక్షరం ఆ కంప్యూటర్ వాడే పాత అక్షరపట్టిక మీద ఆధారపడుతుంది.

160 తప్ప ఇతర అపరిచితులు లేవని కాదు. పరిశీలనలో 8203 వస్తే అది వెడల్పు లేని ఖాళీ. ఫోన్ నంబర్లను కాంటాక్టుల నుంచి కాపీ చేసినప్పుడు కొన్నిసార్లు మొదట్లో 8234, చివర 8236 వస్తాయి. అవి రాత ఎడమ నుంచి కుడికి నడవాలని చెప్పే గుర్తులు. CSV ఫైలులోని మొట్టమొదటి శీర్షికకు ముందు 65279 అంటుకొని ఉండవచ్చు. వీటిలో ఏది కనిపిస్తే దానికి మరొక SUBSTITUTEను అన్నింటికన్నా లోపల చేర్చి, ఏమీ లేకుండా చేయాలి. లేనివాటికి కూడా ముందుజాగ్రత్తగా పది SUBSTITUTEలు పేర్చడం నాకు నచ్చదు. అలాంటి ఫార్ములాను ఆరు నెలల తర్వాత చదివేవారికి ఏది ఎందుకుందో అర్థం కాదు. ముందు చూడాలి, ఉన్నదాన్నే తీయాలి.

ఇంతవరకు చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగుకు మాత్రం ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దానికి TRIM, CLEAN రెండింటిలోనూ జవాబు లేదు. మహబూబ్‌నగర్ అన్న పేరును తీసుకుందాం. బకారానికి పొల్లు పెట్టి వెంటనే నకారం టైపు చేస్తే ఆ నకారం వత్తుగా మారి మహబూబ్నగర్ అవుతుంది. అలా కాకుండా పొల్లు పొల్లుగానే నిలవాలంటే రెండింటి మధ్య 8204 అన్న కనిపించని సంకేతం ఉండాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటే అదే. పొల్లు తర్వాత మాటను విడిగా చూపించడానికి కీబోర్డులు దీన్ని అందిస్తాయి. తెలుగు రాతలో ఇది చెత్త కాదు, రాతకు అవసరమైన భాగం.

అయితే అందరూ ఒకేలా టైపు చేయరు. ఒకరు 8204తో మహబూబ్‌నగర్ అని రాస్తారు, ఒకరు మధ్యలో ఖాళీ ఇచ్చి మహబూబ్ నగర్ అని రాస్తారు, మరొకరు వత్తుతోనే వదిలేస్తారు. మొదటి రెండూ తెరమీద దాదాపు ఒకేలా ఉంటాయి, రెండింటికీ LEN 11 అనే చెబుతుంది. EXACTతో పోల్చి చూస్తే మాత్రం FALSE వస్తుంది. LEN సమానమైనంత మాత్రాన పేర్లు సమానమని అనుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వత్తుతో రాసినదానికి LEN 10. ఈ మూడింటిలో రెండు మన పట్టికల్లో చెరొక వైపు ఉంటే, ఎంత శుభ్రం చేసినా ఈ జిల్లా సరిపోలుతుందన్న భరోసా ఉండదు.

8204ను అన్ని చోట్లా తీసేయమని కొందరు సలహా ఇస్తారు. C కాలమ్‌లోనే ఆ పని చేస్తే, రేపు అచ్చు వేసే పట్టికలో మహబూబ్నగర్ అని పడుతుంది. పేరు చదివేవారికి అది తప్పుగా కనిపిస్తుంది, తప్పే కూడా. దీనికి సరైన మార్గం చదవడానికి ఉద్దేశించిన పేరును, సరిపోల్చడానికి ఉద్దేశించిన తాళంచెవిని వేర్వేరు కాలమ్‌లలో ఉంచడం. C కాలమ్‌లో ఉన్నది శుభ్రమైన, చదవదగిన పేరు. D కాలమ్‌లో దాని నుంచి తాళంచెవిని తయారుచేద్దాం.

```
=SUBSTITUTE(SUBSTITUTE(C2,UNICHAR(8204),"")," ","")
```

ఇందులో 8204తో పాటు ఖాళీలన్నీ కూడా పోతాయి. దాంతో మహబూబ్‌నగర్ మూడు రూపాలూ ఒకే తాళంచెవికి వస్తాయి, జోగులాంబ గద్వాల మధ్య ఖాళీ ఉన్నా లేకపోయినా పట్టింపు ఉండదు. అన్ని ఖాళీలనూ తీసేయడం ఇక్కడ చెల్లుతుంది, ఎందుకంటే ఇవి 33 పేర్లున్న, మారని జాబితా. ఖాళీ తీసేస్తే మరొక జిల్లా పేరుతో కలిసిపోయే పేరు ఇందులో లేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్న పెద్ద జాబితాలో అలా చేసే ముందు, రెండు వేర్వేరు వరుసలకు ఒకే తాళంచెవి రావడం లేదని COUNTIFతో చూసుకోవాలి.

ఈ రెండు కాలమ్‌లూ రెండు షీట్లలోనూ ఉండాలి. వెతికే పేరును మాత్రమే శుభ్రం చేసి, వెతకబడే పట్టికను వదిలేస్తే ప్రయోజనం ఉండదు. VLOOKUP లోపల TRIM(A2) అని రాసినవారికి పని జరగకపోవడానికి కారణం తరచూ ఇదే, చెత్త అవతలి పట్టికలో ఉంటుంది. రెండు వైపులా తాళంచెవులు సిద్ధమయ్యాక సంఖ్యను తెచ్చే ఫార్ములా, ఆ తర్వాత ఇంకా ఎన్ని జిల్లాలు సరిపోలలేదో లెక్కపెట్టే ఫార్ములా ఇలా ఉంటాయి.

```
=INDEX(Sheet2!B:B,MATCH(D2,Sheet2!D:D,0))
=SUMPRODUCT(--ISNA(MATCH(D2:D34,Sheet2!D2:D34,0)))
```

రెండో ఫార్ములా సున్నా చెప్పాలి. సున్నా రాకపోతే మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూడాల్సిందే. ఈ దశలో కొందరు మాట ముందు వెనుక నక్షత్రపు గుర్తులు పెట్టి, పేరు ఎక్కడైనా ఉంటే చాలని వెతుకుతారు. ఈ జాబితాలోనే వరంగల్, హనుమకొండ అన్నవి ఇప్పుడు రెండు జిల్లాలు. పాత పట్టికలో వరంగల్ రూరల్, వరంగల్ అర్బన్ అని ఉంటే నక్షత్రపు గుర్తులతో వెతికిన వరంగల్‌కు ఆ రెండింటిలో ఏది ముందుంటే దాని సంఖ్య వచ్చిపడుతుంది. #N/A కన్నా ఇది ఎక్కువ హాని, ఎందుకంటే జవాబు వచ్చినట్టే కనిపిస్తుంది.

సంఖ్యల కాలమ్‌ను కూడా మరవకూడదు. వెబ్ నుంచి వచ్చిన 45 చివర 160 అంటుకొని ఉంటే అది అంకె కాదు, పాఠ్యం. సెల్‌లో ఎడమ వైపుకు జరిగి ఉంటుంది, SUM దాన్ని కూడికలోకి తీసుకోదు. TRIM ఇచ్చే ఫలితం ఎప్పుడూ పాఠ్యమే కాబట్టి శుభ్రం చేశాక VALUEతో అంకెగా మార్చాలి. బ్యాంకు ఖాతా నంబర్ల లాంటివాటిని మాత్రం అలా మార్చకూడదు. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, ఆ తర్వాతి అంకెలు సున్నాలవుతాయి. మొదట్లో సున్నా ఉంటే అది కూడా పోతుంది. అవి రెండు వైపులా పాఠ్యంగానే ఉండి సరిపోలాలి.

ఇంత చేశాక కూడా మిగిలేవి నిజంగా వేరుగా రాసిన పేర్లు. ఒక పట్టికలో నల్గొండ, మరొక పట్టికలో నల్లగొండ అని ఉంటుంది. మొదటిదానికి LEN 7, రెండోదానికి 8, ఆ ఎనిమిదోది దాగిన సంకేతం కాదు, అచ్చమైన లకారం. సంకేతాల సంఖ్యలన్నీ 3072కూ 3199కూ మధ్యే ఉండి కూడా పేరు సరిపోలకపోతే శుభ్రపరిచే ఫార్ములాలతో ఇక పని లేదని తెలుసుకోవాలి. అలాంటివాటికి మూడో షీట్‌లో రెండు కాలమ్‌ల చిన్న పట్టిక పెట్టుకోవాలి: ఎడమ వైపు వచ్చిన రూపం, కుడి వైపు మనం వాడే రూపం. Sheet2లోని తాళంచెవిని ముందుగా ఆ పట్టికలో వెతికి, దొరికితే కుడి వైపు రూపాన్ని, దొరకకపోతే ఉన్నదాన్నే తీసుకోవాలి. ఆ పట్టికలో రెండు వైపులా రాయాల్సింది జిల్లా పేర్లను కాదు, D కాలమ్ ఫార్ములా నుంచి వచ్చిన తాళంచెవులను. లేకపోతే 8204 మళ్లీ ఆ పట్టిక గుండానే లోపలికి వస్తుంది.